ఎండోస్కోపీ అంటే భయపడేవాళ్లకు: ముందురోజు రాత్రి నుంచి రిపోర్టు చదివేదాకా

ఎండోస్కోపీ గదిలోకి వచ్చేవాళ్లు నర్సుగా నన్ను అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “గొంతుల పైపు ఏస్తే శ్వాస ఎట్లాడుతది బిడ్డా?” నొప్పి గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే ముందు దానికే జవాబు చెప్తాను. గొంతు కింద రెండు దారులున్నాయి. ముందువైపు ఉండేది గాలి గొట్టం, దాని వెనక ఉండేది అన్నం దిగే గొట్టం. పైపు వెళ్లేది వెనక దారిలో. దాని మందం 9 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలంత. ముక్కు, గాలి గొట్టం రెండూ ఖాళీగానే ఉంటాయి కాబట్టి పరీక్ష జరిగినంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఊపిరి ఆడనట్టు అనిపించడం మాత్రం నిజమే. ఎందుకు అనిపిస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందే తెలిస్తే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పరీక్ష ఎలా జరిగిందో చెప్తూ ఒక్కో మెట్టూ వివరిస్తాను. వయసు 58. కృష్ణా నీళ్ల నల్లాలు రాకముందు ఏళ్లతరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన ఊరు. మోకాళ్లు, నడుము పట్టేసి, ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీలు నెలలపాటు వేసుకుంది. కడుపులో మంటకు మెడికల్ షాపులో పాంటోప్రజోల్, అదే అందరూ గ్యాస్ గోలీ అనేది, తెచ్చుకుని నెలరోజులుగా మింగుతోంది. వారం కింద రెండురోజులు మలం నల్లగా, జిగటగా వచ్చిందట. హిమోగ్లోబిన్ 9. నల్లగొండలో డాక్టరు చూసి మర్నాడు పొద్దున 10 గంటలకు ఎండోస్కోపీ రాశారు.

ఇక్కడే ఒక మాట. మలం అలా నల్లగా, జిగటగా వస్తే లోపల రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. మలం నల్లగా వస్తూనే ఉన్నా, రక్తపు వాంతులైనా, కళ్లు తిరిగి పడిపోతున్నా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లకు కూడా మలం నల్లబడుతుంది. అయితే ఆ నలుపులో రక్తం కారినప్పుడు ఉండే జిగట, ఘాటైన వాసన ఉండవు. తేడా తెలియకపోతే డాక్టరుకు చూపించుకోవడమే నయం.

ముందురోజే చెప్పాల్సినవి

డాక్టరు అడగకపోయినా కొన్ని విషయాలు మీరే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేయించుకుని ఉంటే, ఎవరో చెప్పారని సొంతంగా ఆపకండి. లోపల చూడటానికి, పరీక్షకు పొర నుంచి చిన్న ముక్క తీయడానికి చాలాసార్లు వాటిని ఆపాల్సిన అవసరమే రాదు. స్టెంట్ ఉన్నవాళ్లు ఆపితే వచ్చే ముప్పే పెద్దది. బీపీ గోలీ పొద్దున్నే ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ గోలీ మాత్రం ఉపవాసంలో వేసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. సాధారణంగా దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చుకుని, పరీక్ష అయ్యి తిన్నాక వేసుకోమంటారు. ఇన్సులిన్ వాడేవాళ్లు మోతాదు అడిగి తెలుసుకోవాలి, పొద్దున మొదటి నంబరే ఇవ్వమని అడగాలి. బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికొక ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మందు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది.

గ్యాస్ గోలీ సంగతి కాస్త చిక్కు. కడుపులో హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందో లేదో చూడాలంటే ఈ గోలీని రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను నాలుగు వారాల ముందు ఆపి ఉండటం మంచిది. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో లేనట్టు రావచ్చు. కానీ పుండు, రక్తస్రావం అనుమానం ఉన్నవాళ్లకు ఆ గోలీ ఆపడం ప్రమాదం. కాబట్టి వాడుతున్నానని చెప్పి, ఆపాలో వద్దో డాక్టరునే తేల్చమనాలి. మన పెద్దమ్మకు డాక్టరు ఆపమనలేదు. దాని ఫలితం రిపోర్టు దగ్గర చూద్దాం.

మన జిల్లాల్లో దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటుంది, కల్లు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో రోజూ కల్లు తాగే ఆడవాళ్లూ మగవాళ్లూ చాలామందే ఉన్నారు. చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లు వేరు. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలుపుతారు. పరీక్షకు ముందు మత్తుకు ఇచ్చే మిడాజోలం కూడా ఆ కుటుంబానికి చెందిన మందే. రోజూ కల్తీ కల్లు తాగేవాళ్లకు మామూలు మోతాదు సరిగా పనిచేయకపోవచ్చు. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. పొద్దున్నే తాగి వస్తే రెండు మత్తులూ కలిసి ఊపిరి మందగిస్తుంది. కొడుకు ముందు చెప్పడానికి సిగ్గయితే, గదిలోకి వచ్చాక నర్సుతో ఒంటరిగా చెప్పినా చాలు.

ఉపవాసం: ఏది తిండి, ఏది కాదు

ముందురోజు రాత్రి 8 గంటలకల్లా తేలిగ్గా తినేయండి. పప్పన్నమో పెరుగన్నమో చాలు. మటన్, నూనె వంటలు ఆలస్యంగా అరుగుతాయి, ఆ రాత్రికి వద్దు. గట్టి ఆహారానికి, పరీక్షకు మధ్య కనీసం ఆరు గంటలు, వీలైతే ఎనిమిది గంటలు ఉండాలి. ఎక్కువమంది తడబడేది చాయ్ దగ్గర. పాలు కడుపులోకి వెళ్లాక గడ్డకడతాయి కాబట్టి పాల చాయ్ తిండి కిందే లెక్క. అంబలి, మజ్జిగ, జావ కూడా అంతే. ఉత్త మంచినీళ్లు మాత్రం పరీక్షకు రెండు గంటల ముందు దాకా కొద్దికొద్దిగా తాగవచ్చని మత్తు డాక్టర్ల నియమం. 10 గంటల పరీక్షకు 8 దాకా అన్నమాట. అయితే కొన్ని ఆస్పత్రులు నీళ్లు కూడా వద్దంటాయి. అలా చెప్తే వాళ్ల మాటే పాటించండి. పళ్లు తోముకోవచ్చు. బీడీ, గుట్కా, పాన్ వద్దు. తెల్లటి గ్యాస్ సిరప్ కూడా వద్దు, అది కడుపు గోడకు పూతలా అంటుకుని లోపలి మచ్చల్ని కప్పేస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే కారణాలు రెండు. కడుపులో మెతుకులుంటే వాటి కింద ఉన్న పుండు కనిపించదు. అంతకన్నా ముఖ్యం, గొంతు మొద్దుబారి మత్తులో ఉన్నప్పుడు వాంతైతే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆరు గంటలు పస్తున్నా కొందరి కడుపు ఖాళీ కాదు. ఏళ్లనాటి షుగర్ ఉన్నవాళ్లు, నిన్న తిన్న అన్నం ఇవాళ వాంతి చేసుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్తే ఇంకా ఎక్కువసేపు పస్తు ఉంచుతారు. పొద్దున పొరపాటున ఒక ఇడ్లీ తిన్నా చెప్పేయండి. దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చాం, వెనక్కి పంపుతారేమోనని దాచేవాళ్లను చాలామందిని చూశాను. చాలాసార్లు మధ్యాహ్నానికి జరుపుతారు, అంతే.

గొంతు మొద్దుబారడం

గదిలోకి రాగానే కట్టుడు పళ్లు తీయమంటారు. ఊగే పన్ను ఉంటే చూపించండి. దంతాల డాక్టరు దగ్గర మొద్దు ఇంజెక్షన్ పడకపోయిన చరిత్ర ఉన్నా, ఫిట్స్ ఉన్నా ఇక్కడే చెప్పాలి.

తర్వాత లిగ్నోకెయిన్ స్ప్రే. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి “ఆ” అంటే గొంతు వెనక్కి కొడతారు. 10 శాతం స్ప్రేలో ఒక్కో పఫ్‌కి 10 మిల్లీగ్రాముల మందు వస్తుంది. కొన్ని పఫ్‌లు చాలు, ఎక్కువ కొట్టించుకుంటే మేలని ఏమీ లేదు. కొన్నిచోట్ల స్ప్రే బదులు చిక్కటి జెల్ నోట్లో పోసి, తల వెనక్కి వంచి గొంతు దగ్గర ఉంచుకోమంటారు. చేదుగా ఉంటుంది, మొదట చురుక్కుమంటుంది.

భయస్తులకు అసలు పరీక్ష ఇదే. ఒకటి రెండు నిమిషాల్లో గొంతులో ఏదో ముద్ద అడ్డుపడ్డట్టు అనిపిస్తుంది. ఉమ్మి మింగితే దిగిందో లేదో తెలియదు. “ఊపిరి ఆగిపోతుంది” అని లేచి కూర్చునేది సరిగ్గా ఈ క్షణంలోనే. అక్కడ ఏ ముద్దా లేదు. మందు చేసింది స్పర్శ తెలియకుండా చేయడం మాత్రమే, గొంతు మూసుకుపోలేదు. నమ్మకం కుదరకపోతే ముక్కు కింద వేలు పెట్టుకుని ఊపిరి వదలండి, గాలి తగులుతుంది. లేదా మీ పేరు గట్టిగా చెప్పండి. మాట వస్తోందంటే గాలి ఆడుతున్నట్టే. పెద్దమ్మతో ఆమె మనవళ్ల పేర్లు చెప్పించాను. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి ముఖంలో కంగారు తగ్గింది. అయితే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, పిల్లికూతలు లాంటివి వస్తే అది వేరే సంగతి, వెంటనే చెయ్యెత్తి చూపించాలి.

మత్తు తీసుకోవాలా, వద్దా

మన జిల్లా కేంద్రాల్లో చాలా పరీక్షలు స్ప్రేతోనే అయిపోతాయి. లోపల పైపు ఉండేది ఐదు నుంచి పది నిమిషాలే. ఒంటరిగా వచ్చినవాళ్లు, సాయంత్రానికి పనిలోకి వెళ్లాల్సినవాళ్లు దీనితోనే కానిస్తే మంచిదని నా అభిప్రాయం. బ్రష్ చేసుకుంటేనే వాంతి వచ్చేవాళ్లు, ఇదివరకు పరీక్ష మధ్యలో ఆగిపోయినవాళ్లు, రెండురోజులుగా భయంతో నిద్ర లేనివాళ్లు మాత్రం మొహమాటపడకుండా మత్తు అడగాలి. ఇది ధైర్యానికి పెట్టిన పోటీ కాదు. రోగి కదిలిపోతుంటే డాక్టరుకు కూడా లోపల నిమ్మళంగా చూసే వీలుండదు.

మత్తు రెండు రకాలు. మొదటిది మిడాజోలం. చేతికి క్యాన్యులా పెట్టి ఒకటి, రెండు మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇస్తారు. పెద్దవాళ్లకు అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, రెండు నిమిషాలు ఆగి చూసి, కావాలంటే ఇంకాస్త. ఇది పూర్తి నిద్ర కాదు. పిలిస్తే పలుకుతారు, చెప్పినట్టు చేస్తారు, కానీ తర్వాత చాలామందికి గుర్తుండదు. రెండోది ప్రొపొఫాల్. దీంతో నిద్రపోతారు, మత్తు డాక్టరు పక్కనే ఉండి ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే. ఏదైనా సరే వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, బీపీ పట్టీ ఉండాలి, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. అవి లేని గదిలో మత్తు వద్దనండి. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

మత్తు తీసుకుంటే ఆ రోజు మీది కాదనుకోండి. తోడు మనిషి తప్పనిసరి. మీకు బాగానే ఉందనిపించినా 24 గంటలు బండి నడపకూడదు, బోరు మోటారు స్టార్టర్ ముట్టుకోకూడదు, భూమి కాగితాల మీద సంతకం పెట్టకూడదు, కల్లు, మద్యం తాగకూడదు.

పెద్దమ్మ విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. ఫ్లోరోసిస్ వల్ల మెడ బిగుసుకుపోయి గడ్డం కిందికి వంగదు. మెడ వంగనివాళ్లకు, నోరు పూర్తిగా తెరుచుకోనివాళ్లకు మత్తు ఎక్కువై ఊపిరి మందగిస్తే సాయం చేయడం కష్టం. అందుకని డాక్టరు స్ప్రేతో పాటు ఒకే ఒక మిల్లీగ్రాము మిడాజోలం ఇచ్చి, మెడ కింద దిండు మడిచి పెట్టించారు. మన ప్రాంతంలో మెడ, నడుము పట్టేసినవాళ్లు ఆ సంగతి బల్ల ఎక్కకముందే చెప్పాలి.

పైపు లోపలున్నప్పుడు

ఎడమవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోబెడతారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ మౌత్‌పీస్ పెడతారు, పైపును పళ్లతో కొరకకుండా. కష్టమైన ఘట్టం మొదటి అర నిమిషం, పైపు మొన గొంతు దాటేటప్పుడు. “మింగండి” అన్నప్పుడు ఒకే ఒక్కసారి మింగండి. పైపు దిగిపోయాక ఇక మింగొద్దు. ఉమ్మి చెంప పక్క నుంచి కారిపోనివ్వండి, దానికోసమే బట్ట పరిచి ఉంటుంది. చాలామంది ఆ ఉమ్మిని మింగబోయే పొలమారి దగ్గుతారు.

ముక్కుతో నెమ్మదిగా పీల్చి, అంతకు రెట్టింపు సమయం తీసుకుని వదలండి. కళ్లు గట్టిగా మూసుకుంటే ధ్యాసంతా గొంతు మీదికే పోతుంది. తెరిచి గోడ మీద ఏదో ఒకదాన్ని చూస్తూ ఉండండి. కడుపు విప్పారేలా గాలి నింపుతారు కాబట్టి తేన్పులు వస్తాయి. డాక్టరు ముందు తేన్చితే బాగుండదని ఆపుకునేవాళ్లున్నారు. ఆపుకుంటే ఉబ్బరం పెరుగుతుంది, రానివ్వండి. పైపు కడుపు దాటి చిన్నపేగులోకి మలుపు తిరిగేటప్పుడు మళ్లీ ఒకసారి ఓకరింపు రావచ్చు. ముక్క తీసేటప్పుడు నొప్పి ఉండదు, ఆ పొరకు గిల్లిన బాధ తెలియదు. ఏం జరిగినా పైపును చేత్తో లాగొద్దు. ఆగమనాలంటే చెయ్యెత్తాలని నర్సుతో ముందే మాట్లాడుకోండి.

తర్వాత గొంతుకు స్పర్శ వచ్చేదాకా, సుమారు అరగంట నుంచి గంట, ఏమీ తాగకూడదు. ముందు ఒక చిన్న గుక్క నీళ్లు తాగి చూడండి. దగ్గు రాకుండా దిగితే గోరువెచ్చటి జావ, ఆపైన అన్నం. వేడి వేడి చాయ్ అప్పుడే వద్దు, నోరు కాలినా తెలియదు. ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడటం మామూలే. మెడలో, ఛాతీలో, కడుపులో తీవ్రమైన నొప్పి, మెడ ఉబ్బడం, జ్వరం, ఆయాసం, రక్తపు వాంతి, నల్లటి మలం వస్తే మాత్రం అదేరోజు ఆస్పత్రికి తిరిగి రావాలి. లోపల చిల్లు పడటం చాలా అరుదు, కానీ గంటల్లో గుర్తిస్తేనే వైద్యం సులువు.

రిపోర్టులో ఆ మాటలు

ముక్క తీశారు అనగానే క్యాన్సర్ అనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి. బ్యాక్టీరియా కోసం, పొర వాపు ఏ రకమో తెలుసుకోవడం కోసం ముక్క తీయడం రోజువారీ పని. తీసినంత మాత్రాన ఏమీ తేలినట్టు కాదు.

యాంట్రల్ గ్యాస్ట్రైటిస్ అనే మాట లెక్కలేనన్ని రిపోర్టుల్లో కనిపిస్తుంది. కడుపు కింది భాగంలో పొర ఎర్రబడిందని అర్థం. కంటికి కనిపించే ఎరుపుకు, రోగి పడే బాధకు పొంతన ఉండాలని లేదు. ఇది చూసి జీవితాంతం గ్యాస్ గోలీ మింగాల్సిన పనీ లేదు. లాక్స్ ఎల్.ఇ.ఎస్. అంటే అన్నం గొట్టానికీ కడుపుకూ మధ్య బిగువు వదులైందని, హయటస్ హెర్నియా అంటే కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జారిందని. చిన్నదైతే ఆపరేషన్ మాట రాదు. ఈసోఫజైటిస్ అంటే అన్నం గొట్టం లోపలి పొర వాపు, దానికి ఎ నుంచి డి దాకా గ్రేడ్లుంటాయి. ఎ అంటే 5 మిల్లీమీటర్లు దాటని గీత లాంటి ఒరుపు, డి అంటే గొట్టం చుట్టుకొలతలో ముప్పాతిక వంతు, అంతకు మించి పాడైందని. వేరిసెస్, అంటే ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయని రాసి ఉంటే కాలేయం వైపు చూడాలి, ఆలస్యం చేయకూడదు. అంతా నార్మల్ అని వచ్చినా మీ బాధ అబద్ధమని కాదు. కడుపు కదలికల్లో, సున్నితత్వంలో తేడా కెమెరాకు కనిపించదు.

పెద్దమ్మ రిపోర్టులో చిన్నపేగు మొదట్లో 8 మిల్లీమీటర్ల పుండు అని రాసి ఉంది. పక్కన క్లీన్ బేస్, ఫారెస్ట్ 3. అంటే పుండు అడుగు శుభ్రంగా ఉంది, అప్పుడు రక్తం కారడం లేదు, మళ్లీ కారే ముప్పు తక్కువ. చిన్నపేగు పుండ్లు క్యాన్సర్ కావడం చాలా అరుదు. అదే పుండు కడుపులో ఉంటే డాక్టర్లు ముక్కలు తీసి, మందుల తర్వాత 8 నుంచి 12 వారాల్లో మళ్లీ పైపు వేసి మానిందో లేదో చూస్తారు. అప్పుడు “తగ్గిందిగా” అని మానేయకూడదు.

అక్కడే చేసే ఆర్.యు.టి. పరీక్షలో ముక్కను పసుపు రంగు మందులో వేస్తారు, బ్యాక్టీరియా ఉంటే గులాబీ రంగుకు మారుతుంది. ఆమెది మారలేదు. కొడుకు సంతోషించాడు, డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. నెలరోజుల గ్యాస్ గోలీ, ఈమధ్యే రక్తస్రావం, ఈ రెండూ ఆ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. అందుకే కడుపు కింది భాగం నుంచి, పైభాగం నుంచి విడివిడిగా ముక్కలు తీసి ల్యాబుకు పంపారు. వారానికి వచ్చిన రిపోర్టులో హెచ్.పైలోరీ ఉంది. అంటే పుండుకు కారణాలు రెండు, నొప్పి గోలీలూ బ్యాక్టీరియా. ఒక్క గోలీలనే తప్పుపట్టి వదిలేసి ఉంటే పుండు తిరిగి వచ్చేదే.

నొప్పి గోలీలు ఆపించి, మోకాళ్లకు పారాసెటమాల్ రాశారు. 14 రోజులు యాంటీబయాటిక్స్‌తో కూడిన కోర్సు ఇచ్చారు, తర్వాత కొన్ని వారాలు గ్యాస్ గోలీ, రక్తానికి ఐరన్. కోర్సు మధ్యలో నోరు చేదెక్కి, విరేచనాలై చాలామంది ఐదారు రోజులకే ఆపేస్తారు. అలా ఆపితే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందులకు లొంగకుండా తయారవుతుంది. బాగా ఇబ్బందైతే ఫోన్ చేసి అడగాలి తప్ప ఆపకూడదు. బ్యాక్టీరియా పోయిందో లేదో చూసే పరీక్షకు తొందరపడితే లాభం లేదు. యాంటీబయాటిక్స్ అయిపోయి కనీసం నాలుగు వారాలు, గ్యాస్ గోలీ ఆపి రెండు వారాలు గడవాలి. అది మలం పరీక్షతోనో, ఊదే పరీక్షతోనో తేలుతుంది కాబట్టి ఆమెకు దీనికోసం మళ్లీ పైపు వేయాల్సిన పని పడలేదు.